స్విచ్‌లన్నీ ఆపినా మీటరు తిరుగుతుంటే తప్పు ఎవరిది?

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరాన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న మత్స్యకారుల పేట వైతికుప్పం. మాసి మఖం రోజున చుట్టుపక్కల ఊళ్ల దేవుళ్లను తీర్థస్నానానికి తీసుకొచ్చేది ఈ ఒడ్డుకే. మిగిలిన రోజుల్లో ఇక్కడ గోడల్ని వదలనివి ఉప్పు గాలి, తేమ. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు పట్టణంలో ఒక్క రోజులోనే 45 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. అలా నానిన గోడలు పైకి ఆరినట్టు కనబడినా లోపల వైర్లు నడిచే గొట్టాలు, జంక్షన్ బాక్సులు అంత త్వరగా ఆరవు. ఇలాంటి చోట్ల, యానాంలోనైనా మచిలీపట్నంలోనైనా, వానాకాలం తరువాత వినబడే ఫిర్యాదు ఒకటుంది: “అన్నీ ఆపేసినా మీటరు తిరుగుతూనే ఉంది.”

ఫిర్యాదు వచ్చాక సాగే వాదన కూడా ఎక్కడైనా ఒకటే. మీటరు చెడిపోయిందని ఇంటివారు అంటారు, మీ వైరింగులోనే లీకేజీ ఉందని సిబ్బంది అంటారు. చివరికి ఎవరో ఒకరు మెయిన్ స్విచ్ దించి చూపిస్తారు. దించినా మీటరు ఆగకపోతే తప్పు మీటరుదేనని అక్కడే తీర్పు చెప్పేస్తారు. పాత డిస్క్ మీటరు ఉన్నంతకాలం ఆ తీర్పు చాలావరకు సరైనదే. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరు విషయంలో మాత్రం అది తరచు తప్పుతుంది. ఈ సంగతి తెలియకపోవడం వల్ల మంచి మీటర్లు మారుతున్నాయి, ప్రమాదకరమైన గోడలు మాత్రం అలాగే మిగులుతున్నాయి.

ముందు డిస్క్ మీటరు సంగతి. హంగేరీలోని గాంజ్ కంపెనీ ఇంజినీరు ఒట్టో బ్లాతీ 1889లో పేటెంటు తీసుకున్న ఇండక్షన్ మీటరుకు వారసురాలు అది. అందులో వోల్టేజీ కాయిల్, కరెంటు కాయిల్ కలిసి అల్యూమినియం పళ్లేన్ని తిప్పుతాయి. ఇంట్లో వాడకం చాలా తక్కువగా ఉన్నప్పుడు బేరింగుల రాపిడి ఆ పళ్లేన్ని ఆపేయకుండా, వోల్టేజీ కాయిల్ వైపు నుంచి కొద్దిపాటి అదనపు తోపుడును తయారీదారులే ఏర్పాటు చేస్తారు. ఆ తోపుడు ఎక్కువైతే లోడు లేకున్నా పళ్లెం మెల్లగా పాకుతుంది. రాత్రిపూట వోల్టేజీ పెరిగినప్పుడు ఈ గుణం ఇంకా బయటపడుతుంది. దాన్ని అరికట్టడానికి పళ్లెంలో ఎదురెదురుగా రెండు చిన్న రంధ్రాలు పెడతారు. రంధ్రం కాయిల్ కిందికి రాగానే పళ్లెం అక్కడ చిక్కుకుని ఆగుతుంది. అందుకే లోడు ఆపాక పళ్లెం కాస్త జరిగి ఆగిపోతే అది దోషం కాదు. పూర్తి చుట్టు తిరిగిందా లేదా అన్నదే చూడాలి. ప్రమాణాలు అడిగేదీ అదే: లోడు లేనప్పుడు పళ్లెం ఒక పూర్తి చుట్టు తిరగకూడదు. నల్ల గీత ఒకసారి కనబడగానే ఫిర్యాదుకు బయలుదేరకుండా, అది మళ్లీ వస్తుందేమో పావుగంట కాచుకుని ఉండాలి.

ఎలక్ట్రానిక్ మీటరులో తిరిగే భాగమేదీ లేదు. తెరమీద అంకెలు వాటంతట అవే మారుతుంటే చాలామంది దాన్ని వాడకం అనుకుంటారు. నిజానికి అది తేదీ, వోల్టేజీ, గరిష్ఠ డిమాండు వంటి పేజీలను మీటరు వంతులవారీగా చూపించడం మాత్రమే. వాడకాన్ని చెప్పేది kWh అని ఉన్న పేజీ, దానితోపాటు మిణుకుమనే చిన్న ఎర్ర దీపం. ఆ దీపం పక్కన 3200 imp/kWh అని ఉంటే, ఒక యూనిట్‌కు 3200 మిణుకులు అని అర్థం. అంటే రెండు మిణుకుల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 1125ను ఆ సెకన్లతో భాగిస్తే ఇల్లు ఆ క్షణాన తీసుకుంటున్న వాట్లు వస్తాయి. మీటరు మీద వేరే సంఖ్య ఉంటే 36 లక్షలను ముందు దానితో, తరువాత సెకన్లతో భాగించాలి. సెల్‌ఫోనులోని స్టాప్‌వాచీ ఇందుకు చాలు. “మీటరు తిరుగుతోంది” అనే మాట ఇలా వాట్లలోకి మారనంతవరకు ఎవరితో వాదించీ ప్రయోజనం లేదు.

ఈ మీటర్లకూ లోడు లేని పరీక్ష ఉంది. మామూలు వోల్టేజీకి 15 శాతం ఎక్కువ పెట్టి, కరెంటు లేకుండా వదిలేస్తే నిర్ణీత కాలంలో ఒక్క మిణుకుకు మించి రాకూడదు. అలాగే ఎంత చిన్న కరెంటు దగ్గర లెక్క మొదలుపెట్టాలో కూడా నిర్ణయించి ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మొదటి తరగతికి చెందిన 5 ఆంపియర్ల మీటరు 20 మిల్లీఆంపియర్ల దగ్గరే కదలాలి. ఇది సుమారు 4.6 వాట్లు. పాత పళ్లెం రాపిడి వల్ల వదిలేసే చిల్లర వాడకాన్ని కొత్త మీటరు వదలదు. మీటరు మార్చిన నెల బిల్లు పెరిగిందనే ఇళ్లలో కొన్నింటి కథ ఇదే.

అసలు తేడా ఇంకొకటి ఉంది. డిస్క్ మీటరు ఫేజు తీగలో పోయే కరెంటును మాత్రమే చూసేది. న్యూట్రల్‌ను వదిలేసి ఎర్త్‌కు లోడు కలిపి కరెంటు దొంగిలించే పద్ధతులు ఉండేవి కాబట్టి, మన దేశంలోని సింగిల్ ఫేజు ఎలక్ట్రానిక్ మీటర్లలో ఫేజులో ఒకటి, న్యూట్రల్‌లో ఒకటి చొప్పున కరెంటును కొలిచే రెండు ఏర్పాట్లు ఉంటాయి. రెండూ సమానంగా లేకపోతే మీటరు ఎక్కువగా ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. చాలా నమూనాల్లో ఆ సమయంలో EL అని రాసి ఉన్న మరో దీపం వెలుగుతుంది. దొంగను పట్టుకోవడానికి పెట్టిన ఈ దీపమే సామాన్య గృహస్థుకు దొరికిన మంచి రోగనిర్ణయ సాధనం. వెళ్లిన కరెంటు వెళ్లిన దారిన తిరిగి రావడం లేదని అది చెబుతుంది. దాని గురించి వినియోగదారుకు ఎవరూ చెప్పకపోవడం విచిత్రమే.

ఈ రెండో కొలత వల్లే మెయిన్ స్విచ్ పరీక్ష బోల్తా పడుతుంది. దీన్ని ఒక ఊహా గృహంలో, లెక్కతో సహా చూడవచ్చు. వైతికుప్పంలో సముద్రం వైపు వీధిలో రెండంతస్తుల ఇల్లు అనుకుందాం. కింద ఇంటి యజమానురాలు, పైన అద్దెకున్నవారు, ఇద్దరికీ చెరో మీటరు. కింది మెయిన్ స్విచ్ ఫేజును మాత్రమే తెంచే రకం. న్యూట్రల్ తీగ నేరుగా లింకుకు వెళుతుంది. వానలు వెలిసిన వారానికి ఒక రాత్రి ఆమె స్విచ్‌లన్నీ ఆపి మీటరు ముందు నిలబడింది. మిణుకుకు, మిణుకుకు మధ్య 20 సెకన్లు. అంటే 56 వాట్లు. EL దీపం కూడా వెలుగుతోంది.

మొదటి పని స్విచ్‌లు ఆపడం కాదు, ప్లగ్గులు పీకడం. సెట్‌టాప్ బాక్సు, వైఫై పెట్టె, ఇన్వర్టర్ ఛార్జరు రిమోట్‌తో ఆపితే ఆగేవి కావు. ఇన్వర్టర్‌ను ఎలక్ట్రీషియన్ నేరుగా బోర్డుకు కలిపి ఉంటే దాని స్విచ్ ఎక్కడుందో కూడా ఇంటివారికి తెలియకపోవచ్చు. ఆమె అన్నీ పీకేశాక వ్యవధి 28 సెకన్లకు పెరిగింది. ఇప్పుడు 40 వాట్లు. మధ్యలో పోయిన 16 వాట్లు ఆ పెట్టెలవి; అందులో ఎవరి తప్పూ లేదు.

తరువాత మెయిన్ స్విచ్ దించింది. మిణుకు ఆగలేదు. మళ్లీ అదే 28 సెకన్లు. ఈ ఘట్టంలోనే మీటరు మార్చమని దరఖాస్తు రాస్తారు. కానీ ఇంకో ప్రశ్న మిగిలి ఉంది: ఫేజు తెగింది సరే, న్యూట్రల్ తెగిందా? లేదు. మెట్ల మీద 40 వాట్ల పాత బల్బు ఒకటి వెలుగుతోంది. దాని ఫేజు పై ఇంటి మీటరు నుంచి వస్తోంది. న్యూట్రల్ కోసం మాత్రం వైరింగు చేసినవాడు పైదాకా మరో తీగ లాగడం ఎందుకని దగ్గర్లో ఉన్న కింది బోర్డుకు కలిపేశాడు. బల్బు చక్కగా వెలుగుతుంది కాబట్టి ఏళ్లతరబడి ఎవరికీ అనుమానం రాదు. ఆ బల్బు కరెంటు కింది మీటరు న్యూట్రల్ గుండా తిరిగి వెళుతుంది. ఫేజులో సున్నా, న్యూట్రల్‌లో 174 మిల్లీఆంపియర్లు. మీటరు ఎక్కువదాన్ని తీసుకుని 40 వాట్లుగా రాస్తుంది. పై మీటరు తన ఫేజును చూసి అదే 40 వాట్లను తానూ రాసుకుంటుంది. ఒకే బల్బుకు రెండు ఇళ్లూ బిల్లు కడుతున్నాయి; అయినా ఏ మీటరూ చెడిపోలేదు. మెట్ల దీపం ఆపగానే కింద మిణుకు ఆగిపోయింది.

ఇక్కడితో కథ ముగిసిందనుకుని చాలామంది నిద్రకు వెళతారు. మెయిన్ స్విచ్ మళ్లీ ఎత్తి చూసినవారికి మాత్రం రెండో దోషం దొరుకుతుంది. ఈ ఇంట్లో మెట్ల దీపం ఆపి, ప్లగ్గులన్నీ పీకి, మెయిన్ ఎత్తితే 60 సెకన్లకు ఒక మిణుకు వస్తోంది. అంటే సుమారు 19 వాట్లు. 230 వోల్టుల దగ్గర 82 మిల్లీఆంపియర్లు. ఇది ఫేజు నుంచి నేలకు పోతున్న నిజమైన లీకేజీ. ఇందాక ఎందుకు కనబడలేదు? మీటరు రెండు కరెంట్లను కలపదు, పెద్దదాన్నే చూస్తుంది. న్యూట్రల్‌లో 174 ఉన్నంతసేపు ఫేజులోని 82 దాని నీడలో దాక్కుంది. అందుకే ఇందాక మెయిన్ ఎత్తి ఉన్నా దించినా వ్యవధి 28 సెకన్లే.

ఇక ఎం.సి.బి.లను ఒక్కొక్కటిగా దించుతూ పోతే, పెరటి గోడమీద బట్టలు ఉతికేచోట ఉన్న ప్లగ్గు సర్క్యూట్ దగ్గర మిణుకు ఆగింది. విప్పి చూస్తే ఇలాంటి బోర్డు వెనక సాధారణంగా కనబడేది పచ్చబడిన రాగి, స్క్రూల చుట్టూ తెల్లటి పొర. సాధారణ ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ తేమను పీల్చుకుని తానే నీరవుతుంది. సముద్రపు ఒడ్డున రాత్రుళ్లు ఆ స్థాయి దాటడం మామూలే. ఆ ఉప్పునీటి పొర ఫేజు స్క్రూ నుంచి ఎర్త్ స్క్రూకు దారి వేస్తుంది. మధ్యాహ్నం ఎండకు పొర ఆరగానే లీకేజీ తగ్గుతుంది. పగలు పదకొండింటికి వచ్చిన లైన్‌మ్యాన్‌కు ఏమీ కనబడకపోవడంలో ఆశ్చర్యం లేదు. పరీక్ష రాత్రిగానీ తెల్లవారుజామునగానీ జరగాలి. లేదా ఇంటిలోని తీగలను మెగ్గర్‌తో 500 వోల్టుల దగ్గర పరీక్షించి, ఇన్సులేషన్ నిరోధం కనీసం ఒక మెగాఓమ్ ఉందో లేదో చూడాలి. ఇది ఎలక్ట్రీషియన్ పని. దానికి ముందు ఇంట్లో ఉపకరణాలన్నీ విడదీసి ఉండాలి.

ఎం.సి.బి.లన్నీ దించినా మిణుకు ఆగని సందర్భం ఒకటుంది. ఇంట్లో ఎక్కడో న్యూట్రల్ తీగ ఎర్త్‌కు తగిలి ఉంటే ఆ తీగలో కరెంటు పోతూనే ఉంటుంది. స్తంభం దగ్గరి న్యూట్రల్‌కు, నేలకు మధ్య కొన్ని వోల్టుల తేడా ఉండటం దీనికి చాలు. ఒంటి ధ్రువపు ఎం.సి.బి. న్యూట్రల్‌ను తాకదు కాబట్టి ఏది దించినా లాభం లేదు. లింకు నుంచి న్యూట్రల్ తీగలను సరఫరా ఆపి, ఒక్కొక్కటిగా విడదీస్తేనే అది తేలుతుంది.

మరి మీటరు నిజంగా చెడిపోవడమనేది ఉండదా? ఉంటుంది. పిడుగుపాటు వల్ల వచ్చే సర్జ్ కొలిచే సర్క్యూట్‌ను దెబ్బతీయవచ్చు, బోర్డుమీద తేమ, ఉప్పు చేరి ఉత్తుత్తి సంకేతాలు పుట్టవచ్చు. దాన్ని తేల్చే పరీక్ష ఒక్కటే: మీటరు నుంచి ఇంట్లోకి వెళ్లే ఫేజు, న్యూట్రల్ రెండింటినీ మీటరు టెర్మినళ్ల దగ్గరే విప్పి, సరఫరా వైపు మాత్రం ఉంచి, పావుగంట చూడటం. అప్పటికీ మిణుకులు వస్తూనే ఉంటే తప్పు మీటరుదే, ఇక వాదన అక్కర్లేదు. రాకపోతే కారణం మీటరు అవతల ఉంది. రెండు ధ్రువాలనూ ఒకేసారి తెంచే ఐసొలేటర్ ఇంట్లో ఉంటే, దాన్ని దించడం దాదాపు ఇదే పరీక్ష; మీటరుకూ ఐసొలేటర్‌కూ మధ్య ఉన్న తీగ ముక్క మాత్రమే మిగులుతుంది. కానీ టెర్మినల్ మూతకు సీలు ఉంటుంది. సొంతంగా తెరిస్తే అది 2003 విద్యుత్ చట్టం కింద మీటరును తారుమారు చేసినట్టు లెక్కకు రావచ్చు, ప్రాణానికీ ముప్పే. ఆ పని సరఫరా సంస్థ సిబ్బంది మాత్రమే చేయాలి.

ఇక్కడే సరఫరా సంస్థలు మారవలసిన అవసరం ఉంది. ఇప్పుడు సందేహమున్న మీటరును విప్పి ప్రయోగశాలకు పంపిస్తారు, లేదా పక్కన చెక్ మీటరు పెడతారు. రెండూ అవసరమైన పద్ధతులే. కానీ మెట్ల దీపం ఉదాహరణలో చెక్ మీటరు కూడా అదే 40 వాట్లు చూపిస్తుంది. ప్రయోగశాల “మీటరు బాగుంది” అంటుంది, ఫిర్యాదు మూసేస్తారు. వినియోగదారుకు మిగిలేది అధికారులంతా ఒకటైపోయారన్న అనుమానం. దానికి బదులు రెండు తీగలనూ విప్పే పావుగంట పరీక్షను ఇంటివారి ఎదుట, గడియారం చేతికిచ్చి, మొదటి సందర్శనలోనే చేస్తే ఎన్నో మీటర్లు ప్రయోగశాల దాకా వెళ్లవలసిన పని ఉండదు. దానితోపాటు EL దీపం వెలిగిందా లేదా అన్నది ఫిర్యాదు పత్రంలో ఒక గడిగా ఉండాలి. అరగంటకొకసారి వాడకాన్ని నమోదు చేసుకునే స్మార్ట్ మీటర్లు ఉన్నచోట తెల్లవారుజామున మూడు గంటల అంకెను బిల్లుతోపాటు ఇవ్వడానికి అడ్డేమీ లేదు. అందరూ పడుకున్న వేళ ఇల్లు ఎంత తీసుకుంటోందో అందులోనే ఉంటుంది.

వినియోగదారుడి వైపూ ఒక పొరపాటు ఉంది. దృష్టంతా బిల్లు మీదే ఉంటుంది. 19 వాట్ల లీకేజీ నెలంతా ఉన్నా పోయేది 14 యూనిట్ల లోపే. ఆ డబ్బు చూసి “పోనీలే” అనుకునేవారే ఎక్కువ. కానీ మనిషిని కాపాడే ఆర్.సి.సి.బి. తెగవలసిన హద్దు 30 మిల్లీఆంపియర్లు. మీటరు గమనించేంత లీకేజీ అంటేనే దాదాపు ఆ హద్దు దగ్గర ఉన్న లీకేజీ. పెరటి గోడలో పోతున్నది 82. ఎర్త్ తీగ బాగున్నంతవరకు అది నేలలోకి పోతుంది. ఆ తీగ తెగిన రోజున తడి చేతులతో ఉతుకు బండ దగ్గర నిలబడ్డ మనిషే దానికి దారి అవుతుంది.

ఎర్త్ గుంత బాగోలేని చోట సంగతి ఇంకా తీవ్రం. ఇసుక నేలలో ఎండిపోయిన గుంత నిరోధం 100 ఓములు ఉందనుకుందాం. ఫేజు తీగ నేరుగా ఎర్త్‌ను తాకినా పోయే కరెంటు 2.3 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి అది మామూలు లోడు, అది తెగదు. రోజుకు 12 యూనిట్లకు పైగా నేలలో కలుస్తాయి. అంతకన్నా ముఖ్యం, ఫ్రిజ్ తలుపుతో సహా ఎర్త్ తీగకు కలిపిన ప్రతి లోహపు వస్తువూ అప్పుడు దాదాపు 230 వోల్టుల దగ్గర ఉంటుంది.

దీన్ని ఆపగలిగేది ఆర్.సి.సి.బి. మాత్రమే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు 2010లో వచ్చినప్పుడు 5 కిలోవాట్ల లోపు ఇళ్లను ఆ పరికరం నుంచి మినహాయించాయి. తరువాత ఆ హద్దును తగ్గించినా, రెండు ఫ్యాన్లు, నాలుగు దీపాలు ఉండే చిన్న ఇల్లు ఆ గీతకు కిందే మిగులుతుంది. తడి గోడలు ఎక్కువగా ఉండేది అలాంటి ఇళ్లలోనే. లోడును బట్టి గీత గీయడం ఇక్కడ అర్థం లేని పని. ప్రమాదం కిలోవాట్లను చూసి రాదు. మినహాయింపును పూర్తిగా తీసేసి, తీరప్రాంతపు పేటల్లో సరఫరా సంస్థే మీటరు పక్కన రెండు ధ్రువాల ఆర్.సి.సి.బి.ని అమర్చడం న్యాయం. పై ఉదాహరణలోని మెట్ల దీపం లాంటి పంచుకున్న న్యూట్రల్ ఉంటే ఆ పరికరం పెట్టిన మొదటి రోజే తెగిపడుతుంది. అప్పుడు చాలామంది ఎలక్ట్రీషియన్లు చేసేది, “ఊరికే ట్రిప్ అవుతోంది” అని దాన్ని తీసేసి తీగలు నేరుగా కలిపేయడం. వైతికుప్పం ఇంట్లోనైతే చేయవలసింది అది కాదు. మెట్ల దీపం న్యూట్రల్‌ను పై బోర్డుకు మార్చి, పెరటి ప్లగ్గు బోర్డును విప్పి కొత్తది, వాన తగలని పెట్టెలో బిగించి, ఆ రాత్రి మళ్లీ ప్లగ్గులన్నీ పీకి, మీటరు ముందు స్టాప్‌వాచీ పట్టుకుని పావుగంట నిలబడాలి.